క్రియాటినిన్ 1.38 వస్తే కిడ్నీ దెబ్బతిన్నట్టేనా?

ఒక 26 ఏళ్ల కుర్రాడిని అనుకుందాం. 80 కిలోల బరువు, రెండేళ్లుగా జిమ్, ఆర్నెల్లుగా రోజుకి ఒక స్పూను, అంటే సుమారు 5 గ్రాముల క్రియాటిన్ మోనోహైడ్రేట్ నీళ్లలో కలుపుకుని తాగుతున్నాడు. ఆఫీసు వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్ రిపోర్టు ఫోన్‌కి వచ్చింది. పోయినేడు సీరమ్ క్రియాటినిన్ 1.15 ఉంటే ఈసారి 1.38, పక్కనే ఎర్రగా H అని మార్కు, దాని కిందే కిడ్నీ వడపోతని చెప్పే ఈజీఎఫ్ఆర్ అంకె పోయినేడు 90, ఇప్పుడు 72. ఇంక చూడండి, ఇంట్లో వాళ్లకి రిపోర్టు కనపడిన పది నిమిషాల్లో పౌడర్ డబ్బా చెత్తబుట్టలో ఉంటుంది, "చెప్తే విన్నావా, కిడ్నీలు పోతాయని ఆ రోజే అన్నాం" అని ఒకటే గొడవ. జిమ్‌లో కోచ్‌ని అడిగితే "ఏం కాదు తమ్ముడూ, అందరికీ అంతే వస్తది, లైట్ తీస్కో" అంటాడు.

ఇద్దరూ సగం సగమే కరెక్టు. ఈ రిపోర్టు ఒక్కటి పట్టుకుని కిడ్నీ పాడైందనీ చెప్పలేం, బాగుందనీ చెప్పలేం. అసలు ఈ టెస్టు దేన్ని కొలుస్తుందో తెలిస్తే ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలకి క్రియాటిన్ చెడు చేస్తుందా అన్న ప్రశ్నకి ఇన్నేళ్లుగా పోగైన సాక్ష్యాన్ని ఎలా చదవాలో కూడా అందులోనే దొరుకుతుంది, ఎందుకంటే ఆ సాక్ష్యంలో సగం గందరగోళం ఈ ఒక్క టెస్టు వల్ల వచ్చిందే.

ముందు పేర్ల సంగతి. క్రియాటిన్ వేరు, క్రియాటినిన్ వేరు. క్రియాటిన్ మన ఒంట్లో ఎప్పుడూ ఉండేదే, సగటు మగాడి ఒంట్లో ఓ 120 గ్రాముల దాకా ఉంటుంది, అందులో 95 శాతం కండరాల్లోనే. తమాషా ఏంటంటే ఒంట్లో క్రియాటిన్ తయారీలో మొదటి మెట్టు ఎక్కువగా జరిగేది కిడ్నీలోనే, అక్కడ తయారైన ముడిసరుకు లివర్‌కి వెళ్లి అక్కడ క్రియాటిన్ అవుతుంది. అలా రోజుకి ఒక గ్రాము ఒళ్లే చేసుకుంటుంది, మాంసం, చేపలు తినేవాళ్లకి ఇంకో గ్రాము దాకా తిండిలో వస్తుంది. అంటే ఇదేదో కిడ్నీ ఎప్పుడూ చూడని విషపదార్థం కాదు.

ఈ కండరాల్లో ఉన్న క్రియాటిన్‌లో రోజుకి సుమారు 1.7 శాతం దానంతటదే, ఏ ఎంజైమ్ సాయం లేకుండా, క్రియాటినిన్‌గా మారిపోతుంది. 120 గ్రాముల్లో 1.7 శాతం అంటే దగ్గర దగ్గర 2 గ్రాములు. అది రక్తంలోకి వస్తుంది, కిడ్నీ వడగట్టి మూత్రంలో బయటికి పంపేస్తుంది, దాంతో ఒంటికి ఇంక పని లేదు. రోజూ దాదాపు ఒకే మోతాదులో తయారవుతుంది, పోవడం కిడ్నీ ద్వారానే కాబట్టి రక్తంలో ఇది పెరిగితే కిడ్నీ సరిగ్గా వడకట్టట్లేదు అనుకోవచ్చని డాక్టర్లు దీన్ని కొలతగా పెట్టుకున్నారు. చవకైన టెస్టు, చిన్న ఊళ్లో ల్యాబ్‌లో కూడా అవుతుంది, కోట్ల మందికి బాగానే పనికొస్తుంది.

కానీ అందులో ఒక షరతు దాగి ఉంది: తయారీ మారకూడదు. సంక్రాంతికి ముందు రోజు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లే దారిలో పంతంగి టోల్‌గేట్ గుర్తు తెచ్చుకోండి, కిలోమీటర్ల కొద్దీ బళ్లు ఆగిపోయి ఉంటాయి. ఆ క్యూ ఫోటో ఒక్కటే చూపించి "టోల్ బూత్‌లు పాడయ్యాయి" అంటే ఒప్పుకుంటామా? బూత్‌లు మూతపడినా క్యూ పెరుగుతుంది, బూత్‌లన్నీ శుభ్రంగా పనిచేస్తున్నా బళ్లు ఎక్కువొస్తే కూడా పెరుగుతుంది. రక్తంలో క్రియాటినిన్ అనేది ఆ క్యూ ఫోటో లాంటిది, బూత్‌ల పనితీరు కాదు. క్రియాటిన్ పౌడర్ తాగడమంటే సరిగ్గా బళ్ల సంఖ్య పెంచడమే.

ఎంత పెంచడం అన్నది కూడా లెక్కకి అందేదే, అదే ఇక్కడ అన్నిటికన్నా పనికొచ్చే సంగతి. కండరంలో క్రియాటిన్ పట్టే జాగాకి ఒక హద్దుంది, పౌడర్ వాడితే మామూలు కన్నా సుమారు 20 శాతం పెరుగుతుంది, కొందరిలో కొంచెం తక్కువ, మాంసం ముట్టనివాళ్లకి మొదట్లో నిల్వ తక్కువగా ఉంటుంది కాబట్టి వాళ్లలో పెరుగుదల ఇంకాస్త ఎక్కువ. ఆ జాగా నిండిపోయాక మిగిలిన క్రియాటిన్ చాలావరకు క్రియాటిన్‌గానే మూత్రంలో పోతుంది. నిల్వ 20 శాతం పెరిగితే రోజూ దాని నుంచి తయారయ్యే క్రియాటినిన్ కూడా అంతే పెరగాలి, 2 గ్రాముల బదులు 2.4 గ్రాములు. కిడ్నీ వడపోత ఏమాత్రం మారకపోతే రక్తంలో క్రియాటినిన్ కూడా 20 శాతమే పెరగాలి. 1.15కి 20 శాతం కలపండి, 1.38 వస్తుంది. మన కుర్రాడి రిపోర్టులో ఉన్నది అదే అంకె.

మరి ఈజీఎఫ్ఆర్ 90 నుంచి 72కి పడిపోయింది కదా, అది కిడ్నీ పనితీరే కదా అంటారు. దాన్ని ఎవరూ కొలవలేదండీ. పేరులోనే మొదటి అక్షరానికి అర్థం అంచనా అని. ల్యాబ్ కంప్యూటర్ క్రియాటినిన్ అంకెని, వయసుని, ఆడా మగా అన్నదాన్ని ఒక ఫార్ములాలో వేసి తీసిన సంఖ్య అది. ఇప్పుడు ఎక్కువగా వాడుతున్న 2021 నాటి ఫార్ములా, మగవాళ్లలో క్రియాటినిన్ 0.9 దాటినప్పుడు, ఇలా ఉంటుంది:

```
eGFR = 142 × (Scr / 0.9)^-1.2 × 0.9938^age
```

Scr దగ్గర 1.15, age దగ్గర 26 వేస్తే 90 వస్తుంది, 1.38 వేస్తే 72. అంటే రిపోర్టులో రెండు చెడ్డ వార్తలు కనపడినా నిజానికి ఉన్నది ఒకటే, రెండోది మొదటిదానికి వేషం మార్చిన రూపం. క్యూ పొడుగు చూసి బూత్‌ల స్పీడు లెక్కేసే ఫార్ములాకి ఇవాళ సంక్రాంతి అని తెలీదు. ఈ చిన్న సంగతి చాలా రిపోర్టుల్లో ఎక్కడా రాయరు, రాసుంటే ఎన్నో ఇళ్లల్లో ఆ రాత్రి నిద్రలు పట్టేవి.

ఇక ఈ భయం ఎక్కడ మొదలైందో చూద్దాం. 1998లో బ్రిటన్‌కి చెందిన ఇద్దరు డాక్టర్లు లాన్సెట్ పత్రికలో ఒక రోగి గురించి చిన్న రిపోర్టు రాశారు. 25 ఏళ్ల మగాడు, క్రియాటిన్ మొదలుపెట్టాక క్రియాటినిన్ పెరిగింది, కిడ్నీ పనితీరు అంచనా పడిపోయింది, మానేసిన ఓ నెలకి మళ్లీ మామూలైంది. కొద్దిరోజుల్లోనే ఫ్రాన్స్‌లోని లెకీప్ అనే స్పోర్ట్స్ పేపరు క్రియాటిన్ కిడ్నీలకి ప్రమాదం అని వేసేసింది, అక్కడి నుంచి ఆ మాట ఊళ్లు తిరిగింది. కానీ ఆ రోగికి 8 ఏళ్లుగా కిడ్నీ జబ్బు ఉంది, వడపోత గుత్తులు గట్టిపడిపోయే జబ్బు, దానికి సైక్లోస్పోరిన్ అనే మందు కూడా వాడుతున్నాడు, ఆ మందుకే కిడ్నీని దెబ్బతీసే గుణం ఉంది. ఆ రిపోర్టు రాసిన డాక్టర్లు జబ్బు సంగతి దాచలేదు, పేపర్ల దాకా వచ్చేసరికి అది రాలిపోయింది. అప్పటికే జబ్బున్న ఒక మనిషిలో, క్రియాటిన్ వాడితే ఎలాగూ పెరిగే అంకెతో కొలిచి చూసింది ఆరోగ్యంగా ఉన్న కిడ్నీల గురించి ఏం చెప్తుంది? దాదాపు ఏమీ చెప్పదు. జబ్బున్నవాళ్లు జాగ్రత్తగా ఉండాలని మాత్రం చెప్తుంది, అది వినాల్సిందే.

మరి ఏం చేస్తే అసలు ప్రశ్నకి జవాబు దొరుకుతుంది? క్రియాటినిన్‌ని పక్కన పెట్టి వడపోతని వేరే దారిలో కొలవాలి. ఒంట్లో తయారు కాని, కండరాలతో సంబంధం లేని, కిడ్నీ వడపోత ద్వారా తప్ప బయటికి పోని పదార్థం ఒకటి తెలిసిన మోతాదులో రక్తంలోకి ఎక్కించి, కొన్ని గంటల పాటు రక్తం తీస్తూ అది ఎంత వేగంగా తగ్గిపోతుందో చూడాలి. ఇలాంటి పదార్థాల్లో ఒకటి రేడియోధార్మిక క్రోమియం తగిలించిన ఈడీటీఏ. టోల్‌గేట్ భాషలో చెప్పాలంటే మనమే పదిమంది చేతికి నంబర్లిచ్చి బళ్లలో పంపి ఎవరు ఎంతసేపట్లో గేటు దాటారో గడియారం పెట్టి చూడటం. క్యూ ఎంతుందన్నది అప్పుడు అనవసరం.

బ్రెజిల్‌లో సావోపాలోలో గువాలానో అనే పరిశోధకుడి టీమ్ సరిగ్గా ఇదే చేసింది. వాళ్లు 2010లో అమెరికా కిడ్నీ జబ్బుల పత్రికలో వేసిన ఒక కేసు ఈ మొత్తం వాదనలో చాలా స్పష్టమైనది, కాబట్టి కాస్త నిదానంగా చూడాలి. 20 ఏళ్ల కుర్రాడు, ఒక్కటే కిడ్నీ, దాని పనితీరు కూడా మామూలు కన్నా కొంచెం తక్కువే. అతనికి మొదటి 5 రోజులు రోజుకి 20 గ్రాములు, ఆ తర్వాత 30 రోజులు రోజుకి 5 గ్రాముల క్రియాటిన్ ఇచ్చారు. పైగా అతను తినే ప్రొటీన్ ఒంటి బరువులో కిలోకి 2.8 గ్రాములు, జిమ్ లెక్కల్లో కూడా అది ఎక్కువే. కిడ్నీకి కష్టం అనుకునేవన్నీ ఒకేచోట పెట్టినట్టు.

35 రోజుల తర్వాత రక్తంలో క్రియాటినిన్ 1.03 నుంచి 1.27కి పెరిగింది, అంటే 23 శాతం, పైన వేసుకున్న లెక్కకి చాలా దగ్గర. క్రియాటినిన్‌ని బట్టి వేసిన అంచనా 88 నుంచి 71కి పడింది. ఇక్కడితో ఆపేసుంటే "ఒక్క కిడ్నీ ఉన్న కుర్రాడికి నెలలో ఐదో వంతు పనితీరు పోయింది" అని ఇంకో లెకీప్ హెడ్‌లైన్ తయారయ్యేది. కానీ క్రోమియం ఈడీటీఏతో నిజంగా కొలిస్తే ముందు 81.6, తర్వాత 82.0. కదల్లేదు. మూత్రంలో ప్రొటీన్ కూడా పెరగలేదు. ఒకే మనిషి, ఒకే కిడ్నీ, ఒకే వారం, రెండు టెస్టులు, ఒకటి పడిపోయిందంటోంది, ఇంకోటి అలాగే ఉందంటోంది, పడిపోయిందన్నదే తప్పు. అంచనా అంకె ఎంత నమ్మకంగా తప్పు చెప్పగలదో చూపించడానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ దొరకడం కష్టం.

అయితే ఒక్క మనిషే కదా, 35 రోజులే కదా. నిజమే. అదే టీమ్ 2013లో వెయిట్ ట్రైనింగ్ చేస్తూ ప్రొటీన్ ఎక్కువ తినేవాళ్ల మీద 12 వారాల ట్రయల్ వేసింది, కొందరికి క్రియాటిన్, కొందరికి ఉత్తి పౌడర్, ఎవరికి ఏదో వాళ్లకి తెలీకుండా, మళ్లీ అదే క్రోమియం ఈడీటీఏ కొలతతో. 26 మంది పూర్తి చేశారు, రెండు గ్రూపుల మధ్య తేడా లేదు. అంతకుముందు 1999లో బెల్జియంలో పూర్ట్‌మాన్స్, ఫ్రాంకో అనే ఇద్దరు, 10 నెలల నుంచి 5 ఏళ్ల దాకా క్రియాటిన్ వాడుతున్న 9 మంది ఆటగాళ్లని వాడని వాళ్లతో పోల్చి తేడా లేదన్నారు. ఈ రెండోదాన్ని మాత్రం కాస్త అనుమానంగానే చదవాలి, ఎందుకంటే ఐదేళ్లు వాడుతూ వచ్చినవాళ్లంటే పడినవాళ్లే, పడనివాళ్లు ఎప్పుడో మానేసి ఉంటారు, వాళ్లు ఆ 9 మందిలో కనపడరు. 12 వారాల ట్రయల్‌లో చీటీ వేసినట్టు పంచారు కాబట్టి ఆ ఇబ్బంది లేదు.

ఇక్కడ సప్లిమెంట్ అమ్మేవాళ్లు దాటేసే విషయం ఒకటుంది. చిన్న ట్రయల్స్ ఏం చెప్పగలవు, ఏం చెప్పలేవు అన్నది. క్రియాటిన్ వాడిన ప్రతివాళ్లలోనూ వడపోత పదో ఇరవయ్యో శాతం తగ్గించే గుణం దానికుంటే డజను మందిలో కూడా దొరికిపోతుంది, ఎందుకంటే ఒక్కొక్కరిని వాళ్లతోనే, ముందూ తర్వాతా పోల్చి చూస్తున్నారు. కాబట్టి అందరికీ జరిగే మామూలు హాని లేదు అని ధైర్యంగా అనొచ్చు. కానీ నూటికి ఒకరికి మాత్రమే ఏదో పడక కిడ్నీ వాచిపోయే గుణం ఉందనుకోండి, డజను మందిని తీసుకుంటే వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాకపోయే అవకాశం 89 శాతం. అంటే పదింట దాదాపు తొమ్మిది సార్లు ఆ ట్రయల్ "ఏమీ కాలేదు" అనే చెప్తుంది, ఆ అబద్ధం దాని తప్పు కాదు, దానికి అంత చూపు లేదు.

అందుకే 1999లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో వచ్చిన ఇంకో కేసుని 1998 కేసులాగా తీసిపారేయలేం. 20 ఏళ్ల కుర్రాడు, అంతకుముందు ఏ జబ్బూ లేదు, రోజుకి 20 గ్రాముల చొప్పున నాలుగు వారాలు వాడాడు. లోడింగ్ అని మామూలుగా 5, 6 రోజులు వాడే మోతాదుని ఇతను నెల లాగాడన్నమాట. వాంతులు, నడుముకి రెండువైపులా నొప్పితో ఆసుపత్రికొచ్చాడు, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూస్తే అందులోని సన్నటి గొట్టాల మధ్య కణజాలం వాచి ఉంది. ఇది అంకెల మాయ కాదు, మైక్రోస్కోప్ కింద కనపడిన నిజమైన వాపు. మానేశాక తగ్గింది. ఈ వాపు యాంటీబయాటిక్కుల దగ్గర్నుంచి పెయిన్ కిల్లర్ల దాకా ఎన్నో వాటికి అలర్జీలాగా వస్తుంది, క్రియాటిన్ వల్లే వచ్చిందని ఒక్క కేసుతో తేల్చలేం, కాదనీ తేల్చలేం. ఇన్ని లక్షల మంది వాడుతున్న పౌడర్‌కి ఇలాంటి కేసులు పత్రికల్లో వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయంటే, ఆ గుణం ఉన్నా చాలా అరుదు అని మాత్రం అనుకోవచ్చు.

అరుదైనదాన్ని పట్టాలంటే పెద్ద గుంపు కావాలి, ఎక్కువ రోజులు కావాలి. విచిత్రంగా అది జిమ్ వైపు నుంచి రాలేదు, పార్కిన్సన్ జబ్బు వైపు నుంచి వచ్చింది. అమెరికా, కెనడాల్లో 1,741 మంది పార్కిన్సన్ రోగులని తీసుకుని సగం మందికి రోజుకి 10 గ్రాముల క్రియాటిన్ ఏళ్ల తరబడి ఇచ్చారు, జబ్బు నెమ్మదిస్తుందేమోనని. 2015లో ఫలితాలు వచ్చాయి. జబ్బుకి ఏ ఉపయోగమూ కనపడలేదు, అందుకే మధ్యలో ఆపేశారు. గమనించండి, ఆపింది పనిచేయట్లేదని, హాని చేస్తోందని కాదు. వీళ్లు జిమ్ కుర్రాళ్లు కాదు, వయసు మళ్లినవాళ్లు, మోతాదు జిమ్ మోతాదుకి రెట్టింపు. నూటికి ఒకరికి కిడ్నీ దెబ్బతీసే గుణమే ఉంటే క్రియాటిన్ తాగిన సగంలో ఎనిమిదీ తొమ్మిది మంది అదనంగా బయటపడాలి, అన్నేళ్లు రక్తం చూస్తూ ఉన్న డాక్టర్ల కళ్లు గప్పి పోవడం కష్టం. పదివేలకి ఒకరైతే ఈ ట్రయల్ కూడా పట్టలేదు. సాక్ష్యం అక్కడిదాకా వచ్చి ఆగుతుంది, దాన్ని దాటి "నూటికి నూరు శాతం సేఫ్" అని డబ్బా మీద రాసుకుంటే అది వ్యాపారం.

సరే, మన 1.38 కుర్రాడి దగ్గరికి వద్దాం. పైన లెక్క ప్రకారం అతని అంకె క్రియాటిన్‌తో సరిపోతోంది, కానీ సరిపోవడం వేరు, రుజువవడం వేరు. నిజంగానే కిడ్నీ కొంచెం తగ్గి కూడా 1.38 రావచ్చు. తేల్చుకోవడానికి రేడియోధార్మిక క్రోమియం అక్కర్లేదు.

ఒక దారి సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష. ఇది కూడా కిడ్నీ వడకట్టేదే, కానీ కండరం నుంచి కాదు, ఒంట్లో దాదాపు అన్ని కణాల నుంచీ వస్తుంది, అందుకని క్రియాటిన్ పౌడర్‌తో దీనికి పేచీ లేదు. క్రియాటినిన్ టెస్టు కన్నా ఖర్చెక్కువ, సిటీల్లో పెద్ద ల్యాబుల్లో చేస్తారు. అతనికి ఇది 0.85 వచ్చిందనుకోండి, దాని ఫార్ములాలో వేస్తే సుమారు 110 వస్తుంది, అప్పుడు 72 అన్న అంకెని పక్కన పెట్టేయొచ్చు. సిస్టాటిన్ సి అంచనా కూడా డెబ్భైల్లోనే వస్తే మాత్రం పౌడర్ మీదకి నెట్టేసి ఊరుకోకూడదు. థైరాయిడ్ తేడా ఉన్నా, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా, ఊబకాయం ఉన్నా, సిగరెట్లు తాగుతున్నా ఈ అంకె కూడా అటూ ఇటూ అవుతుంది, కాబట్టి డాక్టర్‌కి అవన్నీ చెప్పాలి.

ఇంకో దారి పాతది, చవకది, అందరూ విసుక్కునేది: 24 గంటల మూత్రం పట్టడం. రక్తంలో ఎంతుందో, రోజంతా మూత్రంలో ఎంత పోయిందో రెండూ కొలిచి భాగిస్తే వడపోత వస్తుంది. ఇందులో అందం ఏంటంటే తయారీ పెరిగినా లెక్క చెడదు, ఎందుకంటే పైనా కిందా రెండూ కలిసి పెరుగుతాయి. పోయినేడు రక్తంలో 1.15, మూత్రంలో 2,000 మిల్లీగ్రాములు అనుకుంటే నిమిషానికి 121 మిల్లీలీటర్లు వస్తుంది. ఈసారి 1.38, మూత్రంలో 2,400. మళ్లీ 121. కిడ్నీ నిజంగా తగ్గి ఉంటే రక్తంలో అంకె పెరిగేది కానీ మూత్రంలో 2,000 దగ్గరే ఆగేది, అప్పుడు 101 వచ్చేది. రెండు కథలనీ ఇది విడదీసి చూపిస్తుంది. చిక్కల్లా పట్టడంలోనే, ఆఫీసు బాత్రూంలో ఒక్కసారి మర్చిపోతే లెక్క మొత్తం తప్పు, అందుకే సెలవు రోజు పెట్టుకోవడం నయం.

మూడో దారికి ఖర్చు లేదు, ఓపిక కావాలి. పౌడర్ మానేసి మళ్లీ టెస్టు. అయితే చాలామంది రెండ్రోజులు మానేసి చేయించుకుంటారు, అంకె పెద్దగా దిగదు, భయం రెట్టింపవుతుంది. కండరంలో నిండిన నిల్వ ఖాళీ అవడానికి 4 నుంచి 6 వారాలు పడుతుంది, అన్నాళ్లూ క్రియాటినిన్ తయారీ ఎంతోకొంత ఎక్కువే ఉంటుంది. టెస్టుకి ముందు రెండ్రోజులు బరువులు ఎత్తకుండా, ముందురాత్రి మటన్ జోలికి పోకుండా ఉంటే మంచిది, బాగా ఉడికిన మాంసంలో క్రియాటిన్ కొంత ముందే క్రియాటినిన్‌గా మారి ఉంటుంది, అది తిన్న కొన్ని గంటలు రక్తంలో కనపడుతుంది.

ఏ దారి పట్టినా మూత్రంలో ఆల్బుమిన్ టెస్టు తప్పకుండా చేయించాలి, ఎందుకంటే చాలా కిడ్నీ జబ్బులు వడపోత తగ్గకముందే అక్కడ బయటపడతాయి. ఇక్కడ కూడా ఒక మెలిక ఉంది. ల్యాబుల్లో ఆల్బుమిన్‌ని మూత్రంలోని క్రియాటినిన్‌తో భాగించి ఇస్తారు, క్రియాటిన్ వాడేవాళ్లలో ఆ కింద అంకె పెరిగి ఉంటుంది కాబట్టి నిష్పత్తి ఉన్నదానికన్నా కొంచెం తక్కువగా కనపడొచ్చు. 30 దాటితే అనుమానించాలి అంటారు, క్రియాటిన్ వాడేవాళ్లకి 27 వస్తే అది హద్దు లోపల ఉన్నట్టు కాదు, ఇంకోసారి చూపించుకోవాల్సిన అంకె.

మరి ఎక్కడ కంగారు పడాలి? లెక్కే చెప్తుంది. కండరం పట్టే జాగాకి హద్దుంది కాబట్టి పెరుగుదలకీ హద్దుంది. 1.0 ఉన్నది 1.2, 1.25 అయితే క్రియాటిన్ కథ నప్పుతుంది. 1.0 ఉన్నది 2.0 అయితే నప్పదు, కండరంలో నిల్వ రెట్టింపు అవ్వదు కదా. ఒకే మోతాదు వాడుతూ మూడు నెలలకోసారి టెస్టు చేయిస్తే అంకె ప్రతిసారీ ఇంకాస్త ఎక్కుతూ పోతున్నా నప్పదు, నిండాక అది నిలబడాలి. మూత్రం నురగగా రావడం, కాళ్ల వాపు, బీపీ, మూత్రంలో రక్తం, పొటాషియం పెరగడం, వీటిలో ఏ ఒక్కటి తోడైనా పౌడర్ కథ పక్కన పెట్టి కిడ్నీ డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఒక మినహాయింపు, క్రియాటిన్ ఇథైల్ ఎస్టర్ అనే రకం. ఇది కండరం దాకా సరిగ్గా చేరకుండానే క్రియాటినిన్‌గా మారిపోతుంది, దాంతో అంకె మోనోహైడ్రేట్ కన్నా బాగా పైకి పోతుంది, 2011లో నెదర్లాండ్స్ డాక్టర్లు ఇలాంటి కేసు ఒకటి రాశారు. పైగా మోనోహైడ్రేట్ కన్నా పని కూడా తక్కువే, ఎక్కువ డబ్బు పెట్టి దాన్ని ఎందుకు కొంటారో అర్థం కాదు.

ఇంక "ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ" అన్న మాట. ట్రయల్స్ అన్నీ ముందు టెస్టులు చేసి చూసి తీసుకున్నవాళ్ల మీద జరిగినవి. జిమ్‌లో చేరేవాళ్లని ఎవరు చూస్తున్నారు? శ్రీకాకుళం ఉద్దానం ప్రాంతంలో కారణం పూర్తిగా తేలని కిడ్నీ జబ్బు ఎన్నో కుటుంబాల్లో ఉంది, షుగరూ బీపీ లేకుండానే వస్తుంది, బాగా ముదిరేదాకా పైకి ఏమీ తెలీదు. అలాంటి ఊరి నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చేసుకుంటూ జిమ్‌కెళ్లే కుర్రాడికి పైన చెప్పిన ట్రయల్స్ వర్తిస్తాయో లేదో అతని రక్తం, మూత్రం ముందు చూస్తేనే తెలుస్తుంది. డబ్బా మూత తీయకముందు ఒకసారి క్రియాటినిన్, ఆల్బుమిన్ చేయించుకుని ఆ కాగితం దాచుకుంటే, ఏడాది తర్వాత 1.38 వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఒక అంకె ఉంటుంది. 1.15 తెలుసు కాబట్టే మన కుర్రాడి లెక్క తేలింది, అది తెలీకపోతే 1.38ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.

జిమ్ బ్యాగులో క్రియాటిన్ ఒక్కటే ఉండదు అన్నది కూడా మర్చిపోకూడదు. భుజం నొప్పికని రోజూ వేసుకునే డైక్లోఫెనాక్ కిడ్నీకి రక్తం తగ్గిస్తుంది, నీళ్లు సరిగ్గా తాగకుండా చెమటోడ్చినప్పుడు ఇంకా ఎక్కువ. కండలకని పొడిపించుకునే అనబాలిక్ స్టెరాయిడ్ల సంగతి అంతకన్నా ఘోరం, 2010లో అమెరికా డాక్టర్లు ఏళ్ల తరబడి అవి వాడిన 10 మంది బాడీబిల్డర్ల కిడ్నీ ముక్కలు తీసి చూస్తే 9 మందిలో వడపోత గుత్తులు గట్టిపడి ఉన్నాయి, 1998 లాన్సెట్ రోగికి ఉన్న జబ్బులాంటిదే. ఇవన్నీ వాడుతూ డాక్టర్ అడిగితే "క్రియాటిన్ ఒక్కటే సార్" అనేవాళ్లు తక్కువేం కాదు, అప్పుడు కేసు షీట్‌లో క్రియాటిన్ ఒక్కటే ఎక్కుతుంది.